బ్రేకవుట్ వేళ ఏ ఆర్డరు పెట్టాలి?

ఒక షేరు కొన్నాళ్లుగా 500 రూపాయల దాకా వచ్చి వెనక్కి పోతోందనుకుందాం. అక్కడ అమ్మేవాళ్లు కాచుకుని ఉన్నారన్నమాట. దాన్నే నిరోధ స్థాయి అంటారు. ధర ఆ స్థాయిని దాటి పైకి వచ్చిందంటే అమ్మేవాళ్ల సరుకు అయిపోయిందని, ఇక షేరు పరుగు తీస్తుందని ట్రేడర్లు లెక్క వేస్తారు. ఆ దాటడమే బ్రేకవుట్.

చిక్కల్లా, ఆ లెక్క మీరొక్కరే వేయడం లేదు. అదే చార్టును చూస్తున్న ఎంతోమంది 500కి కాస్త పైన కొనుగోలు ఆర్డర్లు పెట్టుకుని ఉంటారు. షేరు పడుతుందని ముందే అమ్మి షార్ట్‌లో ఉన్నవాళ్ల స్టాప్‌లాస్‌లు కూడా అక్కడే ఉంటాయి. అవి తగిలితే అవీ కొనుగోళ్లే. ధర 500 దాటగానే వీళ్లంతా ఒక్కసారిగా కొనడానికి వస్తారు. అదే సమయంలో అమ్మేవాళ్లు పలచబడతారు. అందుకే మీరు అనుకున్న ధర ఒకటైతే చేతికొచ్చే ధర మరొకటవుతుంది. ఈ తేడాయే స్లిప్పేజీ. మామూలు సమయంలో పైసల్లో ఉండే ఈ తేడా బ్రేకవుట్ వేళ రూపాయల్లోకి వెళ్తుంది. అది ఎంత వరకు వెళ్లొచ్చో తేల్చేది మీరు ఎంచుకునే ఆర్డరే.

ముందుగా ప్లాన్

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా లెక్క చూద్దాం. ధర 500.50కి వస్తే కొనాలి. పొరపాటైతే 492 దగ్గర బయటపడాలి. అనుకున్నట్టు నడిస్తే 517.50 దగ్గర అమ్మాలి. అంటే షేరుకు 8.50 నష్టానికి సిద్ధపడి 17 రూపాయల లాభం ఆశిస్తున్నాం. ఒక రూపాయి పోతుందనుకుంటే రెండు రూపాయలు రావాలన్న లెక్క. ఈ ట్రేడులో 3,400 రూపాయలకు మించి పోకూడదనుకుంటే 400 షేర్లు కొనొచ్చు.

ధర 500.50 తాకిన క్షణంలో మార్కెట్ డెప్త్‌లో అమ్మకాల వైపు ఇలా ఉందనుకుందాం: 500.50కి 60 షేర్లు, 501కి 90, 502కి 150, 503.50కి 100. సరిగ్గా 400 షేర్లే. ఇప్పుడు ఇందులోకి ఒక్కో ఆర్డరును పంపి చూద్దాం.

మార్కెట్ ఆర్డరు: షేర్లు ఖాయం, ధర కాదు

మార్కెట్ ఆర్డరు చెప్పేది ఒక్కటే: ఎంతైనా సరే, కొను. అది మొదటి వరుసలోని 60 షేర్లను తీసుకుని, మెట్లెక్కుతూ 503.50 దాకా పోతుంది. మొత్తం ఖర్చు 2,00,770 రూపాయలు. సగటున షేరు 501.93 చొప్పున పడింది. ప్లాన్ కంటే 570 రూపాయలు ఎక్కువ.

రెండు లక్షల కొనుగోలులో 570 ఒక లెక్కా అనిపిస్తుంది. కానీ దాన్ని పోల్చాల్సింది రెండు లక్షలతో కాదు, మీరు పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డ 3,400తో. ఇప్పుడు స్టాప్‌లాస్ తగిలితే పోయేది 3,970. లక్ష్యం చేరితే వచ్చేది 6,800 కాదు, 6,230. రెండింతలు వస్తుందనుకున్న లాభం నష్టానికి ఒకటిన్నర రెట్ల దగ్గరికి దిగిపోయింది. పైగా 492 దగ్గర అమ్మేటప్పుడు కూడా స్లిప్పేజీ ఉంటుంది. అది ఈ లెక్కలో ఇంకా కలపలేదు.

అలాగని మార్కెట్ ఆర్డరు ఎప్పుడూ తప్పేనని కాదు. నిఫ్టీ 50లోని పెద్ద కంపెనీల షేర్లలో డెప్త్ దండిగా ఉంటుంది. ఆ సూచీలో చోటు దక్కాలంటే 10 కోట్ల రూపాయల పరిమాణానికి లెక్కించిన ఇంపాక్ట్ కాస్ట్ 90 శాతం సందర్భాల్లో 0.50 శాతం లోపే ఉండాలన్నది నిబంధన. అంత లోతున్న చోట, మామూలు మధ్యాహ్న వేళ 400 షేర్లు కొంటే ధర పెద్దగా కదలదు. చిన్న కంపెనీల షేర్లలో, ఉదయం 9.15కి మార్కెట్ తెరిచిన తొలి నిమిషాల్లో, ఫలితాలు వెలువడిన వెంటనే మాత్రం పరిస్థితి వేరు. ఆప్షన్లలో ఒక్కోసారి అర్థంలేని ధరలకు ట్రేడ్లు పడుతుండటంతో, ట్రిగ్గర్ తగలగానే మార్కెట్ ఆర్డరుగా మారే SL-M ఆర్డర్లను ఎన్ఎస్ఈ 2021లో ఆ విభాగంలో నిలిపివేసింది.

లిమిట్ ఆర్డరు: ధర ఖాయం, షేర్లు కాదు

కొత్తవాళ్లు తరచూ బోల్తాపడేది ఇక్కడే. షేరు ఇంకా 498 దగ్గరుండగా, '500.50కి కొంటా' అని లిమిట్ ఆర్డరు పెట్టేస్తారు. ధర అక్కడికి వచ్చాకే ఆర్డరు కదులుతుందనుకుంటారు. కానీ లిమిట్ అంటే 'ఈ ధరకు మించకుండా' అని. 498కే అమ్మేవాళ్లు ఉంటే ఆర్డరు అప్పటికప్పుడు 498 దగ్గరే పూర్తవుతుంది. బ్రేకవుట్ జరగకుండానే షేర్లు మీ ఖాతాలోకి వచ్చేస్తాయి. నిరోధాన్ని దాటాకే కొనాలన్న ప్లాన్ అక్కడితో సరి.

బ్రేకవుట్ విషయంలో లిమిట్ ఆర్డరు పనికొచ్చేది రెండు సందర్భాల్లో. మొదటిది, మీరు తెర ముందే కూర్చుని, ధర 500 దాటడం చూశాక 501.40 లిమిట్‌తో కొనడం. అది మార్కెట్ ఆర్డరులాగే వెంటనే కొంటుంది, కానీ ఒక గీత దాటదు. రెండోది, దాటిన ధర మళ్లీ 500 దగ్గరికి దిగి వస్తుందని కాచుకోవడం. దిగి వస్తే మంచి ధర దొరుకుతుంది. కానీ నిజంగా బలమున్న షేరు చాలాసార్లు వెనక్కి తిరిగి చూడదు.

స్టాప్-లిమిట్: రెండు ధరల ఆర్డరు

మన బ్రోకర్ల యాప్‌లలో దీన్ని SL అని చూపిస్తారు. ఆ పేరు చూసి నష్టాన్ని ఆపడానికే అనుకుంటారు గానీ, కొత్తగా కొనడానికీ ఇదే పనికొస్తుంది. ఇందులో రెండు ధరలు ఇవ్వాలి. ట్రిగ్గర్ ధర 500.50, లిమిట్ ధర 501.40 అనుకుందాం. కొనుగోలుకైతే ట్రిగ్గర్ ప్రస్తుత ధర కంటే పైన ఉండాలి. లిమిట్ ట్రిగ్గర్‌కు సమానంగా గానీ, అంతకంటే పైన గానీ ఉండాలి.

ధర 498లో ఉన్నంతసేపూ ఆర్డరు ఎక్స్ఛేంజీ దగ్గర విడిగా వేచి ఉంటుంది. డెప్త్‌లో ఎవరికీ కనిపించదు. 500.50కి గానీ, ఆపైన గానీ ఒక ట్రేడు పడగానే అది మామూలు లిమిట్ ఆర్డరుగా మారి 501.40 వరకు కొంటుంది.

మన ఉదాహరణలో 500.50కి 60, 501కి 90, మొత్తం 150 షేర్లు దొరుకుతాయి. సగటు 500.80. తర్వాతి అమ్మకందారు 502 అడుగుతున్నాడు కాబట్టి మిగిలిన 250 షేర్ల ఆర్డరు 501.40 దగ్గర ఆగిపోతుంది.

అసలు ప్రశ్న ఆ 250తోనే మొదలవుతుంది. బ్రేకవుట్ బలమైనదైతే ధర 503, 505 అంటూ పైకి పోతుంది, అవి దొరకవు. 517.50 చేరినా లాభం 150 షేర్ల మీదే, 2,505 రూపాయలు. బ్రేకవుట్ బూటకమైతే ధర మళ్లీ కిందికి జారుతుంది. జారుతూ 501.40 దగ్గర మిగిలిన 250 షేర్లనూ మీకు అంటగట్టి మరీ 492కి పోతుంది. అప్పుడు పోయేది 400 షేర్ల మీద, 3,670 రూపాయలు. గెలిచినప్పుడు తక్కువ షేర్లు, ఓడినప్పుడు పూర్తి షేర్లు! ధరను కట్టడి చేశామని సంతోషించేవాళ్లు గమనించని నష్టం ఇదే.

దీనికి మందు, మిగిలిన ఆర్డరును అలా వదిలేయకపోవడం. ట్రిగ్గర్ తగిలిన అయిదు నిమిషాల క్యాండిల్ ముగిసేలోపు దొరకనిదాన్ని రద్దు చేయాలని ముందే నియమం పెట్టుకోవచ్చు. ఈలోపే ధర వెనక్కి వస్తే ఆ 250 అంటుకునే ప్రమాదం అప్పటికీ ఉంటుంది గానీ, గంటల తరబడి మాత్రం ఉండదు. రద్దు చేయగలిగితే బూటకపు బ్రేకవుట్‌లో పోయేది 150 షేర్ల మీద 1,320 రూపాయలే. ఇంకో జాగ్రత్త: 492 దగ్గర పెట్టే స్టాప్‌లాస్ అమ్మకం చేతిలో ఉన్న 150 షేర్లకే పెట్టాలి. అలవాటుకొద్దీ 400కి పెడితే, ఇంట్రాడేలో అది తగిలిన రోజున మీకు తెలియకుండానే 250 షేర్ల షార్ట్‌లో ఇరుక్కుంటారు.

ట్రిగ్గర్‌కు, లిమిట్‌కు మధ్య ఎంత దూరం?

ఈ దూరాన్ని చాలామంది రూపాయో, అర్ధ రూపాయో అని ఊహించి వేస్తారు. అది మీ ప్లాన్ లోంచే రావాలి. ఏ ధర దాటితే ఈ ట్రేడు మీకు గిట్టుబాటు కాదో అదే లిమిట్. 501.40కి కొంటే పోయేది 9.40, వచ్చేది 16.10. లాభం నష్టానికి 1.7 రెట్లు. అంతకంటే తగ్గితే వద్దనుకుంటే గీత అక్కడే గీయాలి. 502 అయితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఆర్డరు పెట్టకముందే జవాబు తెలిసి ఉండాలి. ధర కళ్లముందు పరిగెడుతుంటే లిమిట్‌ను వెంట వెంట పెంచుకుంటూ పోవడం ఆలస్యంగా పెట్టిన మార్కెట్ ఆర్డరే అవుతుంది.

షేర్ల సంఖ్యనూ లిమిట్ ధర మీదే లెక్క కట్టాలి. షేరుకు 9.40 చొప్పున 3,400 రూపాయలకు వచ్చేవి 361 షేర్లు. అన్నీ 501.40కే పడినా నష్టం మీరు అనుకున్న హద్దులో ఉంటుంది. అయితే 492 దగ్గర అమ్మకం జారితే ఆ హద్దు కూడా దాటుతుందని గుర్తుంచుకోవాలి.

రాత్రి ఏదైనా వార్త వచ్చి షేరు ఉదయం నేరుగా 506 దగ్గర తెరుచుకుంటే ఈ ప్లాన్ అక్కడితో ముగిసినట్టే. లిమిట్ 501.40 కాబట్టి ఆర్డరు కొనదు, కొనకపోవడమే దాని పని. 506 దగ్గర 492 స్టాప్‌లాస్‌తో కొంటే పోయేది 14, వచ్చేది 11.50. కొనాలనుకుంటే కొత్త స్టాప్‌లాస్, కొత్త లక్ష్యంతో మళ్లీ లెక్క వేసుకోవాలి.

మీరు కొనే షేర్లకు ఏ ఆర్డరు సరిపోతుందో మీ సొంత ట్రేడ్లే చెబుతాయి. ప్రతి బ్రేకవుట్‌కూ ట్రిగ్గర్ ధర, ట్రేడ్ బుక్‌లో కనిపించే సగటు ధర, ఎన్ని అడిగితే ఎన్ని దొరికాయి అన్నవి రాసుకోండి. అసలేమీ దొరకని ట్రేడ్లనూ రాయండి. వాటిలో లక్ష్యం చేరినవి ఎక్కువగా ఉంటే మీ లిమిట్ మరీ బిగుతుగా ఉందని అర్థం. అప్పుడు దాన్ని కాస్త వదులు చేసి, షేర్ల సంఖ్య తగ్గించుకోవచ్చు. దొరకనివి చాలావరకు వెనక్కి జారిపోయి ఉంటే లిమిట్ మీ డబ్బు కాపాడుతోందన్నమాట, దాన్ని కదిలించనక్కర్లేదు. సగటు ధర ఎప్పుడూ ట్రిగ్గర్‌కు పైసల దూరంలోనే ఉంటే మాత్రం ఆ షేరులో మార్కెట్ ఆర్డరుకు భయపడాల్సిన పని లేదు.