ఆషాఢం ఆఫర్... ఆఫర్ కాదట!

ఆషాఢం వచ్చిందంటే చీరల దుకాణాల ముందు బ్యానర్లు వేలాడతాయి. వాటిలో ‘ఆఫర్’ అనే మాట లేనిది వెతికినా దొరకదు. మన వాడుకలో ఆ మాటకు అర్థం స్థిరపడిపోయింది: ధర తగ్గించాం, త్వరపడండి అని. చట్టం దృష్టిలో ఆఫర్ అంటే వేరు. అవతలి మనిషి ‘సరే’ అన్న మరుక్షణం చెప్పినవాణ్ని కట్టిపడేసే మాట అది. భారత కాంట్రాక్టు చట్టం, 1872 దాన్నే ప్రతిపాదన అంటుంది. ఆ లెక్కన చూస్తే దుకాణం ముందు కనిపించే ఆఫర్ బోర్డుల్లో చాలా వాటికి ఆఫర్ హోదా లేదు. అవి ‘రండి, చూడండి, నచ్చితే అడగండి’ అనే పిలుపులు. న్యాయశాస్త్రంలో దీన్ని బేరానికి ఆహ్వానం అనుకోవచ్చు.

ఈ తేడా వల్ల ఏం ఒరుగుతుంది? ఒక చీర మీద 699 రూపాయల ట్యాగ్ ఉందనుకుందాం. దాన్ని తీసుకుని కౌంటర్ దగ్గరకు వెళితే బిల్లు 1,699 అంటారు. ‘మీరే రాశారు కదా, ఆ ధరకే ఇవ్వాలి’ అంటారు కొనేవారు. ‘ట్యాగ్ మారిపోయిందమ్మా’ అంటాడు దుకాణదారు. ట్యాగ్ ఆఫర్ అయితే ‘తీసుకుంటాను’ అనగానే బేరం ముగిసినట్టే. దుకాణదారు 699కే ఇవ్వాలి. ట్యాగ్ ఆహ్వానం మాత్రమే అయితే కౌంటర్ దగ్గరకు వెళ్లి అడిగినవారిదే ఆఫర్ అవుతుంది. దానికి ఒప్పుకోవాలో లేదో చెప్పే చివరి మాట దుకాణదారుది.

ఈ చివరి మాట ఎవరిదన్న ప్రశ్నకు గట్టి జవాబు దొరికింది లండన్ శివారు ఎడ్జ్‌వేర్‌లోని ఒక మందుల దుకాణంలో.

అప్పటిదాకా మందుల షాపుకు వెళితే కౌంటర్ వెనక ఉన్నవాళ్లు సీసా తీసి ఇవ్వడమే పద్ధతి. బూట్స్ కంపెనీ తన ఎడ్జ్‌వేర్ దుకాణాన్ని ఇప్పటి సూపర్ మార్కెట్ల తరహాలోకి మార్చింది. ధర రాసిన మందులు అరల్లో పెట్టారు. వచ్చినవాళ్లు బుట్ట పట్టుకుని కావలసినవి వేసుకుని, బయటికి పోయే దారిలో క్యాషియర్‌కు డబ్బు కట్టాలి. విషపదార్థాలున్న మందుల విషయంలో ఆ డబ్బు కట్టే చోటును రిజిస్టర్డ్ ఫార్మసిస్టు కనిపెట్టుకుని ఉంటాడు. వద్దనుకుంటే మందు ఇవ్వకుండా ఆపే అధికారం అతనికి ఉంది.

1951 ఏప్రిల్ 13న ఇద్దరు కొనుగోలుదారులు అక్కడ రెండు మందులు కొన్నారు. ఒకదానిలో కొద్దిగా స్ట్రిక్నిన్, ఇంకొకదానిలో కోడీన్ ఉన్నాయి. 1933 నాటి ఫార్మసీ, విషాల చట్టం ప్రకారం ఇలాంటి మందుల అమ్మకం ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే జరగాలి. బ్రిటన్‌లోని ఫార్మసిస్టుల సంస్థ అయిన ఫార్మస్యూటికల్ సొసైటీ బూట్స్ మీద కేసు వేసింది. దాని వాదన సూటిగా ఉంది. అరలో ధరతో పెట్టడమే ఆఫర్. బుట్టలో వేసుకోవడమే అంగీకారం. అంటే అమ్మకం అర దగ్గరే అయిపోయింది. అక్కడ ఫార్మసిస్టు లేడు. కౌంటర్ దగ్గర ఉన్న ఫార్మసిస్టు అప్పటికే అమ్ముడుపోయిన మందును చూస్తున్నాడంతే. కాబట్టి బూట్స్ చట్టాన్ని ఉల్లంఘించింది.

కేసు మొదట లార్డ్ గొడార్డ్ ముందుకు, 1953లో అప్పీలు కోర్టుకు వచ్చింది. రెండు చోట్లా సొసైటీ ఓడిపోయింది. అప్పీలులో జడ్జి సోమర్‌వెల్ చూపించిన చిక్కు మామూలు కొనుగోలుదారుకు వెంటనే అర్థమయ్యేదే. బుట్టలో వేయగానే బేరం ముగిసిపోతే ఆ వస్తువు కొన్నట్టే. రెండడుగులు వేశాక పక్క అరలో ఇంకా మంచిది కనిపించినా, మొదటిది తిరిగి పెట్టేయడానికి వీల్లేదు. పెడితే ఒప్పందం తప్పినట్టు. ఏ దుకాణంలోనూ ఎవరూ అలా అనుకోరు. అందుకే కోర్టు క్రమాన్ని తిరగేసింది. అరలో ఉన్నది ఆహ్వానం. వస్తువు పట్టుకుని కౌంటర్‌కు వచ్చినవారు చేసేది ఆఫర్. క్యాషియర్ డబ్బు తీసుకోవడం అంగీకారం. అమ్మకం జరిగేది ఫార్మసిస్టు కళ్లముందే కాబట్టి బూట్స్ తప్పు చేయలేదు.

ఈ తీర్పు దుకాణదారుకు ఒక్కడికే లాభం అనుకుంటే పొరపాటు. బుట్టలో ఏడు వస్తువులు వేసుకుని, కౌంటర్ దగ్గర లెక్క చూసుకుని రెండు పక్కన పెట్టేయగలుగుతున్నామంటే దాని వెనక ఉన్నది కూడా ఈ సూత్రమే.

అయితే ఇదే గీత ఒక నేరస్థుణ్ని తప్పించే దారి కూడా అయింది. 1959లో బ్రిస్టల్ నగరంలో ఒక దుకాణదారు కిటికీలో బొత్తాం నొక్కితే బయటికి దూకే కత్తి పెట్టి, పక్కన ‘ఎజెక్టర్ కత్తి – 4 షిల్లింగులు’ అని చీటీ ఉంచాడు. అదే ఏడాది వచ్చిన చట్టం అలాంటి కత్తుల్ని ‘అమ్మడం, అమ్మకానికి ఆఫర్ చేయడం’ నేరమంది. పోలీసు పట్టుకున్నాడు, కేసు పెట్టారు. ధర రాసి కిటికీలో పెట్టడం అమ్మకానికి పెట్టడం కాదంటే వినేవారికి నవ్వొస్తుందని, కాగితాలు మొదట చూసినప్పుడు తనకూ అలాగే అనిపించిందని ప్రధాన న్యాయమూర్తి లార్డ్ పార్కర్ ఒప్పుకున్నారు. కానీ ఆఫర్ అన్న మాటకు కాంట్రాక్టు న్యాయంలో ఉన్న అర్థాన్నే పట్టుకోవాలి కాబట్టి, కిటికీలో ప్రదర్శన ఆహ్వానమే అన్నారు. దుకాణదారు బయటపడ్డాడు. 1961లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, అమ్మకానికి ప్రదర్శించినా, అందుకోసం దగ్గర ఉంచుకున్నా నేరమేనని చేర్చింది.

చట్టం రాసేవాళ్లకు ఆ సందు ఎంత ముఖ్యమో మన చట్టాల్లోనూ కనిపిస్తుంది. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ‘అమ్మడం’ దగ్గర ఆగదు. నిల్వ ఉంచడం, ప్రదర్శించడం, అమ్మజూపడం అని వరసగా చెబుతుంది. 2009 నాటి తూనికలు, కొలతల చట్టం కూడా ప్యాకెట్ సరుకుల విషయంలో అమ్మజూపడం, ప్రదర్శించడం, అమ్మకానికి దగ్గర ఉంచుకోవడం మూడింటినీ పట్టుకుంటుంది. ఇవి ఉత్త పదాల పునరుక్తిలా కనిపిస్తాయి. ఆ మాటలు లేకపోతే నకిలీ మందు అరలో పెట్టుకున్నవాడు కూడా బ్రిస్టల్ దుకాణదారు దారిలోనే నడిచేవాడు.

ప్రకటనలకూ ఇదే సూత్రం, కారణం మాత్రం కాస్త వేరు. 1967లో ఇంగ్లండ్‌లో పెంపుడు పక్షుల పత్రికలో ఒకతను బ్రాంబుల్‌ఫించ్ పిట్టలు ఒక్కోటి 25 షిల్లింగులని చిన్న ప్రకటన వేశాడు. అడవి పిట్టల్ని ‘అమ్మజూపడం’ నేరమని కేసు పడింది. ప్రకటన ఆహ్వానమే అని అతనూ బయటపడ్డాడు. ఇక్కడి తర్కం సరుకు లెక్కది. ప్రకటన ఆఫర్ అయితే చదివి ‘సరే’ అన్న ప్రతి పాఠకుడితోనూ ఒప్పందం కుదిరిపోతుంది. పది పిట్టలున్నవాడికి వెయ్యి ఉత్తరాలొస్తే 990 మందికి నష్టపరిహారం కట్టాలి. బుద్ధున్న వ్యాపారి ఎవడూ అలా ఇరుక్కోవాలని ప్రకటన వేయడు.

మరి ఆ లెక్క ముందే తేల్చి చెబితే? అమెరికాలోని మిన్నియాపాలిస్‌లో ఒక దుకాణం పత్రికలో ప్రకటన ఇచ్చింది. 139 డాలర్ల 50 సెంట్ల విలువైన ఒక్క నల్ల బొచ్చు శాలువా, ఒక్క డాలరుకే, ముందు వచ్చినవారికే. చెప్పిన రోజున ఒక మగమనిషి అందరికంటే ముందు వచ్చి డాలరు చేతికిచ్చాడు. ఈ ఆఫర్ ఆడవాళ్లకే, ఇది మా షాపు నియమం అన్నారు. ప్రకటనలో ఆ ముక్క లేదు. వస్తువు ఏదో తెలుసు, ఎన్నో తెలుసు, ధర తెలుసు, ఎవరికో తెలుసు. ఇక బేరమాడడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి ఇది ఆఫరే అని 1957లో మిన్నెసోటా సుప్రీంకోర్టు తేల్చింది. డాలరు పోగా మిగిలిన 138 డాలర్ల 50 సెంట్లు ఇప్పించింది. అదే మనిషి అంతకుముందు వారం ప్రకటనలోని ‘100 డాలర్ల దాకా విలువ చేసే’ కోట్ల గురించి అడిగితే మాత్రం డబ్బు రాలేదు. ‘దాకా’ అన్న మాటతో ఆ కోటు విలువ ఎంతో తేలలేదు.

కొత్త హోటల్ తెరిచిన రోజు ‘రూపాయి నోటు తెచ్చిన మొదటి 100 మందికి బిర్యానీ’ అన్న బోర్డు చూసినప్పుడు ఈ కేసు గుర్తు చేసుకోవచ్చు. ‘పరిమిత కాలం, 50 శాతం దాకా తగ్గింపు’ అన్న బోర్డు ఆహ్వానం. సంఖ్య, వస్తువు, ధర, షరతు అన్నీ పక్కాగా ఉన్న బోర్డు ఆఫర్ వైపు మొగ్గుతుంది. షరతు నెరవేర్చడమే అంగీకారం అవుతుందని మన కాంట్రాక్టు చట్టం 8వ సెక్షన్ కూడా చెబుతోంది. ఆ షరతు ప్రకారం వరసలో నిలబడ్డవారిని ‘అయిపోయింది’ అని పంపేయడం అంత తేలిక కాదు.

ఇక 699 చీర దగ్గరకు వద్దాం. కాంట్రాక్టు న్యాయం ప్రకారం దుకాణదారు ఆ ధరకు ఇవ్వనని చెప్పవచ్చు. డబ్బు తీసుకుని బిల్లు ఇచ్చాక మాత్రం, ధర తప్పు రాశామని వెంటపడి మిగతా వెయ్యి అడగడం మామూలుగా కుదరదు. అయితే కాంట్రాక్టు న్యాయం ఎక్కడ ఆగిందో అక్కడ వినియోగదారుల చట్టం మొదలవుతుంది. చౌక ధరకు అమ్మే ఉద్దేశం లేకుండా చౌక ధరని ప్రకటించడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. 2022లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు ఎర ప్రకటనల్ని విడిగా పేర్కొన్నాయి. ఆ ధరకు అమ్మగల అవకాశం నిజంగా ఉండాలి, గిరాకీకి తగ్గ సరుకు ఉండాలి, సరుకు తక్కువైతే ఆ సంగతి ప్రకటనలోనే చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు తయారీదారు మీద 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు. ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ ధరకు మించి అడిగితే అది ఇంకో ఉల్లంఘన. అక్కడ ఆఫరా, ఆహ్వానమా అన్న చర్చే లేదు.

కాబట్టి కౌంటర్ దగ్గర ధర మారితే ‘ట్యాగ్ ఆఫర్’ అని వాదించి లాభం లేదు. ట్యాగ్‌కూ బోర్డుకూ ఫోటో తీసుకోండి, కొంటే బిల్లు దాచుకోండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చెప్పండి.