మూడో ప్రయత్నం

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం నేర్చుకున్న కరణం మల్లీశ్వరి 1994, 1995లలో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ 2000లో సిడ్నీలో మొదలైంది. అప్పటికి ఆమె 69 కిలోల విభాగానికి మారారు.

స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తారు. మొత్తం 240. ముందున్న ఇద్దరివీ 242.5. ఇంకో ప్రయత్నం మిగిలింది. స్వర్ణం కోసం ఏకంగా 137.5 కిలోలు పెట్టించారు. ఒక్కసారే ఏడున్నర కిలోలు పెంచడమంటే మామూలు తెగువ కాదు! ఆ లిఫ్ట్ విఫలమైంది. చేతికందింది కాంస్యం. భారత మహిళకు దక్కిన తొలి ఒలింపిక్ పతకం అదే. అయినా ఆ విఫల ప్రయత్నాన్ని వదిలేసి రాస్తే మల్లీశ్వరి కథ సగమే చెప్పినట్టు.