ఊరి ప్రకటనలకు కాపలా

ఊళ్లో ఖాళీ ఇళ్లు, అమ్మకానికి పెట్టిన పాత బండ్లు, ప్లంబర్ల ఫోను నంబర్లు ఒకేచోట చూపించే వెబ్‌సైటు పెట్టడం ఇప్పుడు పెద్ద విషయం కాదు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో, పని తెలిసిన కుర్రాడు వారం పది రోజుల్లో నిలబెట్టేస్తాడు. తెమలని పని ఆ తర్వాత మొదలవుతుంది. వచ్చిన ప్రతి ప్రకటననూ జనం చూడకముందే ఒకరు కూర్చుని చదవాలి. రోజుకు నలభై వచ్చాయనుకుంటే, ఒక్కోదానికి మూడు నిమిషాల చొప్పున రెండు గంటలు దానికే పోతాయి.

చదవడానికి ముందు ఒక గడప ఉండాలి. ప్రకటనలో ఇచ్చిన ఫోను నంబరుకే ఓటీపీ పంపి, అది కొడితేనే ముందుకు వెళ్లనివ్వాలి. ఇది మోసగాళ్లను పూర్తిగా ఆపలేదు, సిమ్ములు వాళ్లకూ దొరుకుతాయి. దీని ప్రయోజనం వేరు. కక్షకొద్దీ ఎవరో అమ్మాయి నంబరు పెట్టి పిచ్చి ప్రకటన వేసేవాడు ఇక్కడ ఆగిపోతాడు. ఇలాంటివి ఒక్కటి బయటికొచ్చినా ఆ నంబరుకు రాత్రంతా ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఓటీపీ ఎస్సెమ్మెస్‌లు పంపాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం సంస్థ పేరునూ సందేశం నమూనానూ డీఎల్‌టీలో ముందే నమోదు చేయించాలి. ఆ సంగతి చివరిదాకా గుర్తురాక, అంతా సిద్ధమయ్యాక సైటు ఆగిపోవడం మామూలే.

ఇక చదవడం. తెనాలికి ఇలాంటి సైటు ఉందనుకుందాం. ఒక టు-లెట్ వచ్చింది: ‘చెంచుపేటలో డబుల్ బెడ్‌రూమ్, కారు పార్కింగ్, అద్దె 4,500’. చుట్టుపక్కల అలాంటి ఇళ్లు దానికి రెట్టింపు పలుకుతున్నాయి. ఊరివాడికి అనుమానం రావడానికి ఆ ఒక్క అంకె చాలు. తర్వాత ఫొటోలు చూస్తాడు. హాలు గోడకున్న ప్లగ్గు సాకెట్టు మన మూడు గుండ్రటి రంధ్రాల రకం కాదు. అదే ఫొటోను గూగుల్‌లో వెతికితే ఏ విదేశీ ఇంటి ప్రకటనలోనో దొరకవచ్చు. అప్పుడు ఫోను చేసి, ‘ఏ లైనండీ ఇల్లు, దగ్గర్లో ఏముంది?’ అని అడగాలి. నిజమైన యజమాని గుడో బడో కిరాణా కొట్టో ఠక్కున చెబుతాడు. అవతలివాడు, తాను సైన్యంలో ఉన్నాననీ, బదిలీ అయిందనీ, ఇల్లు చూడాలంటే ముందు గేట్‌పాస్‌కి కొంత కట్టాలనీ కథ మొదలెడితే ఇక ఆలోచించనక్కర్లేదు. ఇంకా సందేహముంటే ఆ ఇంటి కరెంటు మీటరు ఫొటో ఆరోజుది తీసి పంపమనాలి. దొంగ ఆ మాటతో మాయమవుతాడు.

పాత సామాన్ల విభాగంలో మోసం అటునుంచి వస్తుంది. కొంటానన్నవాడు క్యూఆర్ కోడ్ పంపి, ‘స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది’ అంటాడు. యూపీఐలో పిన్ కొడితే పోయేవే తప్ప వచ్చేవి ఉండవు. ఈ ఒక్క వాక్యం, సైబర్ నేరాల 1930 నంబరు ప్రతి ప్రకటన కింద కనిపించాలి. ఫోనులో జరిగే బేరాన్ని సైటు ఎలాగూ చూడలేదు మరి.

కొన్ని ప్రకటనల్లో పెట్టినవాడికి తప్పని తెలియకపోవచ్చు. రామచిలుక జత అమ్ముతామనో, నక్షత్ర తాబేలు ఉందనో ఫొటోతో సహా పెడతారు. రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అమ్మకూడనివే. షుగరును శాశ్వతంగా నయం చేస్తామనే మందు ప్రకటన 1954 నాటి చట్టానికి విరుద్ధం. తీసేసి ఊరుకుంటే మర్నాడు మళ్లీ పెడతారు, కారణం రెండు ముక్కల్లో రాసి పంపితే చాలామంది ఆగుతారు.

జనం చేత ఫిర్యాదు బటన్ నొక్కించి పని తగ్గించుకోవచ్చు కదా అనిపిస్తుంది. అమెరికాలో 1995లో మొదలైన క్రెయిగ్స్‌లిస్ట్ ఆ దారినే నడిచింది. తగినంతమంది నొక్కితే ప్రకటన దానంతటదే పోతుంది. మహానగరంలో అది చెల్లుతుంది. చిన్న ఊళ్లో అయిదారు ఫోన్లు పోగేయడం ఏమంత కష్టం? ఇంటి బ్రోకరు, యజమానులు నేరుగా పెట్టుకున్న టు-లెట్లన్నిటినీ ఒక్క సాయంత్రంలో తీయించేస్తాడు. అందుకే ఫిర్యాదు వచ్చిన ప్రకటన మనిషి ముందుకు రావాలే తప్ప దానంతటది పోకూడదని నా అభిప్రాయం. తీసేసినదాన్ని కూడా చెరిపేయకూడదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం అలాంటివి 180 రోజులు భద్రపరచాలి, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలియజేయాలి.

ఇన్ని చూసినా, వాడేవాళ్లను ఎక్కువగా విసిగించేది మోసం కాదు, చద్దిపడిన ప్రకటన. ఇల్లు అద్దెకిచ్చేసి నెలైనా పేరు అలాగే ఉంటుంది, యజమానికి ఫోన్ల బాధ తప్పదు. టు-లెట్ అయితే పదిహేను రోజులు చాలు. గడువు ముందురోజు ‘ఇంకా ఖాళీగానే ఉందా?’ అని సందేశం పంపి, అవునన్న జవాబు రాకపోతే దించేయాలి. ప్లంబర్ల, ఎలక్ట్రీషియన్ల జాబితాకైతే ఈ సందేశం సరిపోదు, మూడు నెలలకోసారి ఒక్కొక్కరికీ ఫోను చేసి చూసుకోవాల్సిందే.