పక్కు కడితే చాలు, రాలేదాకా ఆగొద్దు: ఆటలమ్మ పోసిన బిడ్డ బడి చీటీ

బంగారుపాళ్యం చుట్టుపక్కల పల్లెల్లో పిలకాయలకు ఆటలమ్మ పోసిందంటే వాకిట్లో వేపాకు కడతారు, బయటోళ్ళను లోపలికి రానీరు. ఆ జాగ్రత్త మంచిదే. తంటా వచ్చేది బిడ్డను మళ్ళా బడికి పంపేటప్పుడు. మూడు నీళ్ళు పోసినాంకే అంటారు ఇంట్లో పెద్దోళ్ళు. పక్కులన్నీ రాలిపోవాల అంటారు బడిలో. ఇరవై ఒక్క రోజులు అంటారు ఇంకొకరు. డాక్టరు చీటీలో "15 రోజులు విశ్రాంతి" అని ఒక్క ముక్క రాసుంటే ఈ తగువు తెగదు. బిడ్డకు పాఠాలు పోతాయి, తోడుండే తల్లికి కూలి పోతాది.

చీటీలో ఏముండాలో తెలియాలంటే జబ్బు ఎప్పుడు అంటుకుంటాదో తెలియాల. ఆటలమ్మ అంటే చికెన్‌పాక్స్. దీని వైరస్ రోగి ఊపిరిలోనూ, పొక్కుల్లోని నీళ్ళలోనూ ఉంటాది. పొక్కులు కనపడక ముందు ఒకటి రెండు రోజుల నుంచే అంటుకోను మొదలుపెడతాది. పొక్కులన్నీ ఎండి పక్కు కట్టినాంక అంటుకోదు. దానికి మామూలుగా అయిదు నుంచి ఏడు రోజులు పడతాది, కొందరికి ఇంకా జాస్తి. పక్కు రాలను ఇంకో వారం పైనే పట్టొచ్చు, కానీ ఎండిన పక్కుతో ఎవరికీ అంటదు.

మరి పక్కు రాలాల అనే మాట యాడిది? పెద్దమ్మవారు, అంటే మశూచిలో అది నిజమే. ఆ జబ్బులో పక్కుల్లో కూడా వైరస్ ఉండేది, అందుకే అన్నీ రాలేదాకా మనిషిని దూరంగా పెట్టేవాళ్ళు. మశూచి లోకంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పెద్దమ్మవారి లెక్క చిన్నమ్మవారికి కట్టకూడదు.

ఇరవై ఒకటి అనేదీ ఉత్త మాట కాదు. కాకపోతే అది జబ్బు వచ్చిన బిడ్డ లెక్క కాదు, పక్కన కూర్చున్న పిలకాయల లెక్క. వాళ్ళకు అంటుకొనుంటే పది నుంచి ఇరవై ఒక్క రోజుల లోపల బయట పడతాది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఏడో తరగతి పాపకు ఫిబ్రవరి 9 సోమవారం బడిలో పొక్కులు కనపడినాయి, ఆ పొద్దే ఇంటికి పంపేసినారు. అంటే 7వ తేదీ శనివారం నుంచే ఆ తరగతికి అంటే వీలుంది. 13వ తేదీ దాకా కొత్త పొక్కులు లేచినాయి. 14న కొత్తవి లేవు, జరమూ లేదు. 16 పొద్దున చూస్తే అన్నీ పక్కు కట్టినాయి. పాప ఆ దినమే బడికి పోవచ్చు. ఇరవై ఒక్క రోజుల మాట పట్టుకోనుంటే మార్చి 2 దాకా ఇంట్లోనే ఉండిపోయేది.

డాక్టరు పాపను చూసింది 9వ తేదీ. 16కు పక్కు కడతాదని ఆ దినం ఖాయంగా చెప్పలేడు. అందుకే చీటీలో ఉత్త తేదీ కాదు, షరతు రాయాల. ఇట్లా:

"ప్రధానోపాధ్యాయులకు. ఈ పాపకు చికెన్‌పాక్స్. పొక్కులు మొదట కనపడింది ఫిబ్రవరి 9. పొక్కులన్నీ ఎండి పక్కు కట్టి, ఒక దినమంతా కొత్తవి లేవకుండా, జ్వరం లేకుండా ఉంటే బడికి రావచ్చు. అంచనా ఫిబ్రవరి 16. అప్పటికి తడి పొక్కు ఒక్కటున్నా ఆగాలి. పక్కులు రాలేదాకా ఆగనవసరం లేదు. తరగతి పిల్లలను ఫిబ్రవరి 17 నుంచి మార్చి 2 వరకు గమనించండి. బాగున్నవాళ్ళు బడికి రావచ్చు. ఇంతకుముందు ఈ జబ్బు రాని, టీకా వేసుకోని గర్భిణీ టీచర్లు, వంట సిబ్బంది వెంటనే డాక్టరును కలవాలి. క్యాన్సర్ మందులో, స్టెరాయిడ్లో వాడే పిల్లలుంటే వాళ్ళ ఇంటికీ ఈ దినమే చెప్పండి."

ఆఖరి రెండు మాటలు బడికి అన్నిటికన్నా ముఖ్యం. మామూలు పిలకాయలకు దురద, జరంతో పోయేది వీళ్ళకు ప్రాణం మీదికి రావొచ్చు. కాపాడే మందులు, సూదులు ఉండాయి, కానీ తగిలిన కొద్ది దినాల్లోనే వెయ్యాల. చీటీ బీరువాలో పడుంటే ఆ వ్యవధి దాటిపోతాది. చెప్పేటప్పుడు పాప పేరు చెప్పే పని లేదు, ఫలానా తరగతిలో వచ్చిందంటే చాలు.

16న ఇంట్లో చూసేటప్పుడు మొగం ఒకటే చూసి పంపొద్దు. తలలో జుట్టు కింద, వీపు మీద, చంకల్లో చూడాల. అద్దం మాదిరి మెరిసే నీటి పొక్కు ఉంటే ఇంకా కాలేదు. అన్నీ గోధుమ రంగులో గట్టిగా ఎండుంటే అయినట్టే. టీకా వేసిన బిడ్డకు వస్తే కొన్ని తూర్లు ఎర్ర మచ్చలే లేస్తాయి, పక్కు కట్టవు. అప్పుడు ఒక దినమంతా కొత్త మచ్చ లేవకుంటే పంపొచ్చు. తగ్గిన జరం మళ్ళా వచ్చినా, పొక్కు చుట్టూ ఎర్రగా వాచి కాలినా, ఆయాసం వచ్చినా, బిడ్డ మబ్బుగా పడుకోనున్నా బడి మాట పక్కనపెట్టి ఆసుపత్రికి తీసకపోవాల.

నీళ్ళు పోసుకోవడం ఇంటోళ్ళ నమ్మకం, దాన్ని కాదనే పని లేదు. అయితే బడి గేటు దగ్గర అడగాల్సింది ఎన్ని నీళ్ళు పోసినారని కాదు, తడి పొక్కు ఇంకా ఉండాదా అని. మీ ఇంట్లో తమ్ముడికో చెల్లికో వస్తే డాక్టరు దగ్గర "15 రోజులు" అనే చీటీ తీసుకోని వచ్చేయొద్దు. షరతు రాయమని ఆడనే అడగండి.