ఏడు రోజులు ఉచితం... ఎనిమిదో రోజు?

“ఏడు రోజులు ఉచితం. ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.” యాప్ తెర మీద ఈ రెండు మాటలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఆ తర్వాత ఏడాదికి ఎంత పడుతుందన్న సంగతి మాత్రం కింద ఎక్కడో, బూడిద రంగు చిన్న అక్షరాల్లో కనబడీ కనబడనట్టు ఉంటుంది. బటన్ నొక్కి యూపీఐ పిన్ కొడితే ఒకటో రెండో రూపాయలు కట్ అవుతాయి. ఒక్కోసారి అవి వెనక్కి కూడా వస్తాయి. రూపాయే కదా అని అక్కడితో మర్చిపోతారు చాలామంది. కానీ ఆ పిన్‌తో కంపెనీకి ఇచ్చింది రూపాయి ఒక్కటే కాదు. ఫలానా తేదీ నుంచి, ఫలానా మొత్తం దాకా, మళ్లీ అడగకుండా ఖాతాలోంచి తీసుకునే అనుమతి కూడా ఇచ్చేసినట్టే. దాన్నే ఆటోపే అంటున్నారు.

మళ్లీ అడగకుండా అంటే ఎంత దాకా? రిజర్వ్ బ్యాంకు 2022 జూన్‌లో ఆ పరిమితిని 15,000 రూపాయలకు పెంచింది. ఓటీటీలు, సంగీతం, ఇంగ్లిష్ నేర్పే యాప్‌లు, ఫొటోలు దాచుకునే క్లౌడ్... మామూలు ఇళ్లలో వాడే చందాలన్నీ దాదాపు ఈ పరిమితి లోపలే ఉంటాయి. అందుకే మొదటిసారి తప్ప మళ్లీ ఓటీపీ రాదు. దీనికి విరుగుడుగా అదే నిబంధనల్లో ఇంకో మాట ఉంది: డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు ఖాతాదారుకు కబురు పెట్టాలి. ఎవరు తీసుకుంటున్నారు, ఎంత, ఎప్పుడు అన్నది చెప్పాలి, వద్దనుకుంటే ఆపుకునే దారి చూపాలి. కబురు వస్తుంది కూడా. లోన్ ఆఫర్లూ, రీచార్జి ప్రకటనల మధ్య ఓ మూల పడి ఉంటుంది. పైగా అందులో యాప్ పేరు బదులు డబ్బు వసూలు చేసే సంస్థ పేరు ఉంటే, చదివినా అది దేనికో తెలియదు. కాబట్టి బ్యాంకు ఎస్ఎంఎస్‌ని నమ్ముకోకుండా గుర్తుచేసే ఏర్పాటేదో ఎవరికి వాళ్లే చేసుకోవాలి.

ఆ ఏర్పాటులో మొదటి చిక్కు తేదీ దగ్గరే. ఒకరు జూన్ 3 రాత్రి తొమ్మిదింటికి ఐఫోన్‌లో ఏడు రోజుల ట్రయల్ మొదలుపెట్టారనుకుందాం. వేళ్ల మీద లెక్కపెట్టి “పదో తేదీ రాత్రి కదా, ఆ రోజు పొద్దున చూద్దాంలే” అనుకుంటారు. అప్పటికే ఆలస్యమైపోతుంది. ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలని యాపిల్ చెబుతుంది. అంటే 9వ తేదీ రాత్రి తొమ్మిదింటికే తలుపు మూసుకున్నట్టు. రిమైండరు 8వ తేదీకి పెట్టుకుంటే ఒక రోజు చేతిలో ఉంటుంది. అది కూడా ఆఫీసు హడావిడిలో మోగే పొద్దుటి పూట కాకుండా, ఫోను చేతిలో ఉండి కాస్త తీరిక దొరికే వేళకు. మోగగానే “తర్వాత చూద్దాం” అని పక్కకు తోసేసే రిమైండరు ఉన్నా లేనట్టే. ఇక ఎన్ని రోజులన్న లెక్క సొంతంగా వేసుకోవడం కంటే, చందా వివరాల పేజీలో మొదటి చెల్లింపు తేదీ కనిపిస్తే దాన్నే రాసుకోవడం మేలు. “ఒక నెల ఉచితం” అంటే అన్నిసార్లూ 30 రోజులు కావు. జనవరి చివర్లో మొదలుపెట్టినవాళ్లకు ఫిబ్రవరిలో ఈ తేడా తెలిసొస్తుంది.

రిమైండరులో “యాప్ రద్దు” అని మాత్రమే రాస్తే సగం పని మిగిలిపోతుంది. రద్దు ఎక్కడ చేయాలో కూడా అందులోనే ఉండాలి. చాలామంది ఫోన్లోంచి యాప్ తీసేస్తారు, పీడ విరగడైందనుకుంటారు. యాప్ పోతుంది కానీ చందా పోదు. ప్లే స్టోర్ ద్వారా తీసుకున్నదైతే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి `Payments & subscriptions` లోకి వెళ్లాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, పైనున్న పేరు నొక్కితే `Subscriptions` కనిపిస్తుంది. కంపెనీ వెబ్‌సైట్లో నేరుగా కార్డు ఇచ్చి చేరితే ఈ రెండు చోట్లా దాని జాడ ఉండదు, ఆ వెబ్‌సైట్లోకే లాగిన్ కావాలి. యూపీఐతో ఇచ్చిన అనుమతులన్నీ ఏ యాప్‌తో ఇచ్చారో ఆ యాప్‌లోని ఆటోపే విభాగంలో వరుసగా కనిపిస్తాయి. ఎప్పుడూ తెరవనివాళ్లు ఒకసారి తెరిచి చూస్తే, ఎప్పుడో మర్చిపోయిన పేర్లు ఒకటి రెండు బయటపడినా ఆశ్చర్యం లేదు.

ఆటోపే ఒక్కటీ ఆపేస్తే సరిపోదా? డబ్బు పోవడం ఆగుతుంది. కంపెనీ లెక్కల్లో మాత్రం చందా ఇంకా బతికే ఉండొచ్చు, బకాయి ఉందంటూ మెయిళ్లు రావచ్చు. ముందు సర్వీసులో రద్దు చేసి, ఆ మెయిల్ వచ్చాక ఆటోపే ఆపడం సరైన వరుస.

ట్రయల్ మొదలుపెట్టిన రోజే రద్దు చేసేస్తే ఈ గొడవంతా ఉండదు కదా అని తెలివైనవాళ్లు అడుగుతారు. ప్లే స్టోర్ చందాల్లో ఆ ఉపాయం పనిచేస్తుంది, మిగిలిన రోజులు వాడుకోనిస్తారు. యాపిల్ సొంత సేవల ట్రయల్స్ కొన్ని మాత్రం రద్దు చేసిన క్షణమే ఆగిపోతాయి. రద్దు బటన్ నొక్కేముందు “ఫలానా తేదీ దాకా వాడుకోవచ్చు” అన్న మాట తెర మీద ఉందేమో చూసుకోవాలి.

ట్రయల్స్ వారం, నెలలో తేలిపోతాయి. ఏడాది చందాలే అసలు ఇబ్బంది. పన్నెండు నెలల్లో ఫోను మారుతుంది, మెయిల్ మారుతుంది, ఏ కార్డు ఇచ్చారో గుర్తుండదు. అందుకని ఇంట్లో ఒక్కచోట, స్ప్రెడ్‌షీట్ అయినా సరే, వంటింటి గోడ మీది క్యాలెండర్ వెనక అతికించిన కాగితమైనా సరే, ఒక జాబితా ఉండాలి. ఒక్కో చందాకు ఒక్కో వరుస: సేవ పేరు, మళ్లీ కట్టాల్సిన తేదీ, మొత్తం, ఏ కార్డు లేక యూపీఐ యాప్, ఏ మెయిల్‌తో చేరారు, ఎక్కడ రద్దు చేయాలి. ఉదాహరణకు ఏటా ఆగస్టు 14న 1,499 రూపాయలు కట్ అయ్యే ఓటీటీ ఉందనుకుందాం. జాబితాలో తేదీ ఆగస్టు 14. ఫోన్లో రిమైండర్లు మాత్రం రెండు: జులై 15న ఒకటి, ఆగస్టు 10న ఇంకోటి. మొదటిది ఇంట్లో అడగడానికి. ఎవరైనా చూస్తున్నారా, ఈసారి ధర పెంచారా, నెలవారీ తీసుకుంటే చాలా అన్నది అప్పుడు తేలుతుంది. రెండోది తేలినదాన్ని అమలు చేయడానికి. ఈ రెంటినీ కలిపి ఒకే రోజుకు పెడితే ఇంట్లో చర్చ తెగదు, డబ్బు మాత్రం వెళ్లిపోతుంది.

ఆపకూడనివి కూడా ఈ జాబితాలోనే ఉండాలి. చిన్న వ్యాపారం చేసేవాళ్ల వెబ్‌సైట్ డొమైన్, ఆరోగ్య బీమా ప్రీమియం వంటివి. ఉత్సాహంలో ఆటోపేలన్నీ వరసపెట్టి తీసేసి, పాలసీ ఆగిపోయాక గానీ తెలుసుకోనివాళ్లకు మిగిలిన డబ్బు కంటే పోయేదే ఎక్కువ.

అంతా చేసినా డబ్బు కట్ అయితే? గడియారం అప్పుడే మొదలవుతుంది. ప్లే స్టోర్‌లో 48 గంటల్లోపు గూగుల్‌నే నేరుగా వాపసు అడగొచ్చు. యాపిల్‌కైతే `reportaproblem.apple.com` ఉంది. ఇస్తారన్న హామీ రెండు చోట్లా లేదు, కానీ త్వరగా అడగడం మంచిది. రద్దు బటనే దొరక్కుండా దాచేస్తే అది వేరే కథ. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో పదమూడు రకాల మోసపు డిజైన్లను పేర్కొంది, రద్దును కష్టం చేసే చందా ఉచ్చు వాటిలో ఒకటి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదుతోపాటు రద్దు చేసిన నాటి స్క్రీన్‌షాట్, తేదీతో వచ్చిన మెయిల్, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ వరుస చేతిలో ఉంటే కంపెనీతో వాదన తక్కువలో ముగుస్తుంది.