ఆ 200 ఎక్కడివి?

‘బకాయి 3,200. వెంటనే కట్టకపోతే చర్య తప్పదు.’ మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన, ఫ్లాట్ నంబరుతో సహా అంటించిన నోటీసిది. మెయింటెనెన్స్ 3,000 కదా, ఆ 200 ఎక్కడివని గొడవ. సర్వసభ్య సమావేశం తీర్మానం తీసి చూశాం: గడువు 10వ తేదీ, ఆపై 5 రోజులు వెసులుబాటు, 16 నుంచి రోజుకు 10 రూపాయలు. సెక్రటరీగారు 11 నుంచే లెక్కేశారు!

తిరగరాసిన నోటీసు కవరులో ఇంటికే వెళ్లింది: ‘నమస్కారం. జూన్ మెయింటెనెన్స్ 3,000 ఇంకా అందలేదు. తీర్మానం నకలు జతచేశాం. దాని ప్రకారం 16 నుంచి 30 వరకు 15 రోజులు, రోజుకు 10 చొప్పున ఆలస్య రుసుము 150. మొత్తం 3,150. ఇప్పటికే కట్టి ఉంటే రసీదు చూపండి. లెక్క తేడాగా ఉంటే చెప్పండి, సరిచేస్తాం.’