పొడిగింపు వారంటీ ధర నిర్ణయం: వాషింగ్ మెషీన్ ఉదాహరణగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

గృహోపకరణాలు కొనేటప్పుడు దుకాణంలో అదనపు రుసుముతో అమ్మే పొడిగింపు వారంటీకి ధర ఎలా ఏర్పడుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఎన్ని యంత్రాలు చెడిపోతాయి, ఒక్కో మరమ్మతుకు ఎంత ఖర్చవుతుంది అన్న రెండు అంచనాలు ఈ ధరకు పునాది. అయితే ఆ పథకాన్ని ఎవరు కొంటారు అన్న మూడో ప్రశ్న ఆ పునాదిని ఎలా కదిలిస్తుందో, చివరికి కొనుగోలుదారు చెల్లించే రూపాయిలో మరమ్మతులకు చేరేది ఎంతో ఒక ఉదాహరణ ద్వారా ఇందులో చూడవచ్చు.

కీలకపదాలు: పొడిగింపు వారంటీ, వైఫల్య రేటు, మరమ్మతు వ్యయం, ప్రతికూల ఎంపిక, వాషింగ్ మెషీన్.

1. ఉపోద్ఘాతం

వాషింగ్ మెషీన్ కొని బిల్లు కట్టే సమయంలో "ఇంకో రెండేళ్లు వారంటీ పెంచుకుంటారా?" అని అమ్మకందారు అడగడం మనకు పరిచితమైన విషయమే. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి కొనుగోలుదారుకు దొరికే వ్యవధి కొన్ని నిమిషాలు మాత్రమే. ఆ ధర వెనుక ఉన్న లెక్క మాత్రం అతనికి కనిపించదు.

తయారీదారు ఇచ్చే వారంటీ యంత్రం ధరలోనే కలిసి ఉంటుంది. పొడిగింపు వారంటీ అలా కాదు. అది విడిగా డబ్బు తీసుకొని ఇచ్చే హామీ. భవిష్యత్తులో రాగల ఖర్చును నేడే ఒక ధరకు మరొకరు తమ మీద వేసుకోవడం దీని స్వభావం. కాబట్టి దీని ధర నిర్ణయం వస్తువుల ధర నిర్ణయం కన్నా బీమా ప్రీమియం నిర్ణయానికి దగ్గరగా ఉంటుంది.

ఈ వ్యాసంలో ముందుతలుపు వాషింగ్ మెషీన్‌ను ఉదాహరణగా తీసుకున్నాం. తయారీదారు రెండేళ్ల పూర్తి వారంటీ, మోటారుకు మాత్రం పదేళ్ల వారంటీ ఇచ్చారని, పొడిగింపు పథకం 3, 4 సంవత్సరాలకు వర్తిస్తుందని అనుకుందాం. ఇక్కడ ఇచ్చిన అంకెలన్నీ పద్ధతిని వివరించడానికి ఊహించుకున్నవే; ఏ సంస్థ లెక్కలూ కావు.

2. వైఫల్య రేటు: ఏ సంవత్సరాల లెక్క?

యంత్రాలు చెడిపోయే తీరును ఇంజనీర్లు స్నానపు తొట్టి ఆకారపు వక్రరేఖతో సూచిస్తారు. తయారీలో దొర్లిన లోపాలు మొదటి నెలల్లోనే బయటపడతాయి. తరువాత కొంతకాలం రేటు తక్కువగా, నిలకడగా ఉంటుంది. ఆపైన అరుగుదల వల్ల మళ్లీ పెరుగుతుంది. ఈ మూడు దశలనూ ఒకే సూత్రంలో ఇమిడ్చే గణిత రూపాన్ని స్వీడన్ ఇంజనీరు వాలొడ్డి వైబుల్ 1951లో ప్రచురించిన వ్యాసం ప్రసిద్ధం చేసింది. అందులోని ఆకార గుణకం ఒకటి కన్నా తక్కువైతే రేటు తగ్గుతున్నట్టు, ఒకటైతే నిలకడగా ఉన్నట్టు, ఎక్కువైతే పెరుగుతున్నట్టు అర్థం.

మొదటి దశలోని లోపాల భారం తయారీదారు వారంటీ కిందికే వస్తుంది. పొడిగింపు పథకం మొదలయ్యేది ఆ దశ దాటిన తరువాత. కనుక మొదటి ఏడాది వైఫల్య రేటును మూడో ఏడాదికి వాడితే లెక్క తప్పుతుంది. పైగా భాగాలన్నీ ఒకే తీరున చెడిపోవు. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల కంట్రోల్ బోర్డు కాలిపోవడానికి యంత్రం వయసుతో పెద్దగా సంబంధం లేదు. డ్రమ్ము బేరింగు, తలుపు రబ్బరు మాత్రం వాడకంతో అరుగుతాయి. బోరు నీటి మీద ఆధారపడే ఇళ్లలో హీటరు మీద సున్నపు పొర పేరుకుంటుంది. అందుచేత నిపుణులు యంత్రానికంతటికీ ఒకే రేటు కాక, భాగాల వారీగా రేట్లు కడతారు. మోటారు ఈ లెక్కలోకి రాదు. దాని హామీ తయారీదారు దగ్గరే ఉంది. ఒకే భాగానికి రెండు హామీలకు డబ్బు చెల్లిస్తున్నామా అని కొనుగోలుదారు చూసుకోవలసిన చోటు కూడా ఇదే.

రేటు కట్టడంలో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. ఇప్పటివరకు 1000 యంత్రాలు అమ్ముడుపోయాయి, మూడో ఏట వచ్చిన ఫిర్యాదులు 58 అనుకుందాం. 58ని 1000తో భాగిస్తే 5.8 శాతం వస్తుంది. కాని ఆ వెయ్యిలో మూడో ఏడాది పూర్తి చేసుకున్నవి 400 మాత్రమే, మిగిలినవి ఇంకా ఆ ఏట అడుగుపెట్టలేదు అనుకుంటే అసలు రేటు 400కు 58, అంటే 14.5 శాతం. ప్రమాదానికి లోనైన యంత్రాలనే హారంగా తీసుకోవాలి. అమ్మకాలు వేగంగా పెరుగుతున్న నమూనాలలో ఈ పొరపాటు మరింత ప్రమాదకరం. కొత్త యంత్రాలు హారాన్ని పెంచి, రేటును కృత్రిమంగా తగ్గిస్తాయి.

3. మరమ్మతు వ్యయం, సగటు భారం

ఒక్కో మరమ్మతుకు సంస్థకయ్యే ఖర్చులో విడిభాగం ధరతో పాటు మెకానిక్ చెల్లింపు, ప్రయాణం కూడా ఉంటాయి. లోపం తెలుసుకోవడానికి ఒకసారి, భాగం తెచ్చి బిగించడానికి మరోసారి రావలసి వస్తే ఆ ఖర్చు రెట్టింపవుతుంది. పని సులభం కావడానికి మరమ్మతులను మూడు తరగతులుగా విభజిద్దాం. భాగం మార్చనక్కరలేని రాక ఒకటికి 500 రూపాయలు. డ్రెయిన్ పంపు, వాల్వు, హీటరు, తలుపు రబ్బరు వంటి మధ్యతరహా మరమ్మతుకు 2,000. కంట్రోల్ బోర్డు, బేరింగు వంటి పెద్ద మరమ్మతుకు 7,000.

మూడో ఏట వెయ్యి యంత్రాలకు చిన్నవి 50, మధ్యతరహావి 70, పెద్దవి 25 వస్తాయని అంచనా అనుకుందాం. వాటి ఖర్చు వరుసగా 25,000, 1,40,000, 1,75,000, మొత్తం 3,40,000. అంటే యంత్రానికి 340 రూపాయలు. నాలుగో ఏట అరుగుదల పెరిగి చిన్నవి 50, మధ్యతరహావి 90, పెద్దవి 40 అయితే మొత్తం 4,85,000, యంత్రానికి 485. రెండేళ్ల సగటు భారం 825 రూపాయలు.

ఇందులో పెద్ద మరమ్మతులు 65 మాత్రమే. మొత్తం 325 రాకల్లో ఇవి ఐదో వంతు. కాని ఖర్చులో సగానికి పైగా, 4,55,000 రూపాయలు, వీటిదే. కాబట్టి ధరను శాసించేది ఫిర్యాదుల సంఖ్య కాదు, ఖరీదైన భాగాల రేటు. డబ్బు ముందే వస్తుంది కనుక దానిపై వడ్డీ సంస్థకు లాభం. రెండేళ్ల తరువాత విడిభాగాల ధర పెరగడం నష్టం. ఈ రెండూ ఒకదానినొకటి సరిపెట్టుకుంటాయని ఇక్కడ భావించాం.

4. కొనేది ఎవరు?

825 రూపాయలన్నది యంత్రాలన్నిటి సగటు. పథకం కొనేవారి సగటు అదే కావాలని లేదు. కొనుగోలుదారుల్లో 70 శాతం సాధారణ వాడకందారులు, వారి సగటు భారం 600; మిగిలిన 30 శాతం రోజుకు రెండు మూడు సార్లు బట్టలు ఉతికే పెద్ద కుటుంబాలవారు, వారి సగటు భారం 1,350 అనుకుందాం. రెంటినీ కలిపితే సగటు మళ్లీ 825 వస్తుంది. అయితే తన వాడకం ఎంతో కొనేవారికి తెలుసు, అమ్మేవారికి తెలియదు. సాధారణ వాడకందారుల్లో పదిమందిలో ఒకరు, ఎక్కువగా వాడేవారిలో పదిమందిలో ముగ్గురు పథకం తీసుకుంటే, వెయ్యిమందిలో 70 మంది మొదటివారు, 90 మంది రెండోవారు చేరతారు. ఈ 160 మంది సగటు భారం 1,022 రూపాయలు. 825 మీద ధర కట్టిన సంస్థ ఒక్కో పథకం మీద దాదాపు 197 రూపాయలు తక్కువ అంచనా వేసినట్టు.

దీనినే ఆర్థికశాస్త్రంలో ప్రతికూల ఎంపిక అంటారు. సమాచారం ఒక పక్షానికే తెలిసినప్పుడు సంత ఎలా దెబ్బతింటుందో జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో చూపాడు. ఇక్కడా సంస్థ ధర పెంచితే సాధారణ వాడకందారులు తప్పుకుంటారు, సగటు మళ్లీ పెరుగుతుంది. దీన్ని ఆపడానికే పథకాన్ని యంత్రం కొన్న కొద్దిరోజుల్లోనే తీసుకోవాలనడం, ఆలస్యంగా వచ్చినవారి యంత్రాన్ని తనిఖీ చేయడం, హాస్టళ్లు, లాండ్రీల వాడకాన్ని మినహాయించడం వంటి షరతులు ఉంటాయి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. రేట్లను పాత పథకదారుల ఫిర్యాదుల నుంచే కట్టి ఉంటే ఈ ఎంపిక ప్రభావం అందులో ముందే ఉంటుంది. మళ్లీ కలిపితే ధర రెండుసార్లు పెరుగుతుంది.

5. భారం నుంచి ధర దాకా

1,022 రూపాయల భారానికి కాల్ సెంటరు, నిర్వహణ కింద 150, అనిశ్చితికి నిల్వగా 100 కలిపితే 1,272 అవుతుంది. ఆ నిల్వ ఎందుకో చెప్పాలి. వేల యంత్రాలలో యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గులు సగటులో చాలావరకు సర్దుకుంటాయి. కాని ఒకే విడతలో తయారైన కంట్రోల్ బోర్డులన్నిటిలో ఒకే లోపం ఉంటే అవన్నీ కలిసి చెడిపోతాయి. యంత్రాల సంఖ్య పెంచినా ఈ ప్రమాదం తగ్గదు. ఒకే నెలలో తయారైన యంత్రాల నుంచి ఒకే రకం ఫిర్యాదులు గుంపుగా రావడం దీని తొలి సూచన.

పన్నుకు ముందు ధరలో దుకాణం కమిషన్ 30 శాతం, సంస్థ లాభం 10 శాతం అయితే, 1,272 అన్నది ఆ ధరలో 60 శాతం. కాబట్టి ధర 2,120 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే కొనుగోలుదారు చెల్లించేది సుమారు 2,502. ఇందులో మరమ్మతులకు చేరేది రూపాయికి 41 పైసలు.

6. కొనుగోలుదారు పక్షం

పథకం లేని వ్యక్తి మరమ్మతుకు సంస్థకయ్యే ఖర్చు కన్నా ఎక్కువే చెల్లిస్తాడు; అతనికి విడిభాగం చిల్లర ధరకు వస్తుంది, పన్ను కూడా పడుతుంది. అది 1.4 రెట్లు అనుకుంటే సాధారణ వాడకందారు సగటు ఖర్చు 840, ఎక్కువగా వాడేవారికి 1,890. రెండూ 2,502 కన్నా తక్కువే. సగటు దృష్టితో చూస్తే ఈ ధరకు ఇద్దరికీ పథకం గిట్టుబాటు కాదు. ఎక్కువగా వాడేవారికి మాత్రం ఆ తేడా చాలా తక్కువ. బోరు నీరు, కరెంటు హెచ్చుతగ్గులు తోడైతే లెక్క తారుమారు కావచ్చు.

సగటు ఒక్కటే కొలమానం కాదు. వెయ్యి యంత్రాలకు రెండేళ్లలో 65 పెద్ద మరమ్మతులు, అంటే 6.5 శాతం అవకాశంతో 9,800 రూపాయల బిల్లు రావచ్చు. ఆ మొత్తాన్ని పొదుపులోంచి తీయగలిగిన కుటుంబానికి అది అసౌకర్యం మాత్రమే. వడ్డీకి అప్పు తెచ్చుకోవలసిన కుటుంబానికి అదే పెద్ద దెబ్బ. పథకం విలువ ఈ రెండో కుటుంబానికే నిజంగా ఉంది. అయితే కంట్రోల్ బోర్డు, బేరింగు మినహాయింపుల జాబితాలో ఉంటే ఆ విలువ కూడా మిగలదు. అప్పుడు 2,502 రూపాయలు చెల్లించి కొన్నది చిన్న మరమ్మతుల హామీ మాత్రమే.

7. ముగింపు

పొడిగింపు వారంటీ ధరలో వైఫల్య రేటు, మరమ్మతు వ్యయం పునాదులైనా, ఆ ధరను పెంచేవి కొనేవారి ఎంపిక, అమ్మకపు కమిషన్, పన్ను. కొనుగోలుదారుకు సంస్థ రేట్లు తెలియకపోయినా మూడు విషయాలు బిల్లు కట్టేలోగా తెలుసుకోవచ్చు: హామీ ఏ తేదీ నుంచి మొదలవుతుంది, తయారీదారు ఇప్పటికే ఏ భాగాలకు హామీ ఇచ్చారు, అత్యంత ఖరీదైన రెండు భాగాలు పథకంలో ఉన్నాయా లేవా. ఖర్చులో సగానికి పైగా ఆ రెండు భాగాలదే కనుక, పథకం పత్రంలో ముందుగా చదవవలసింది మినహాయింపుల జాబితానే.